మొదటి ఈఎంఐ ఎక్కువ ఎందుకు కట్ అయింది? బ్రోకెన్ పీరియడ్ వడ్డీని మీరే లెక్క చూసుకునే పద్ధతి

లోను ఇచ్చేటప్పుడు ఈఎంఐ ఇంత అని చెప్తారు. మొదటి నెల ఖాతాలోంచి మాత్రం అంతకంటే మూడు నాలుగు వేలు ఎక్కువ పోతుంది. బ్రాంచికి వెళ్లి అడిగితే కౌంటర్ మీద జవాబు దాదాపు ఒకేలా ఉంటుంది.

"సార్, ఈఎంఐ పదమూడు వేల ఆరు వందలు అన్నరు గదా. పదిహేడు వేలు ఎట్ల కట్ అయినయ్?"

"అది బ్రోకెన్ పీరియడ్ వడ్డీ అన్నా. మొదటి నెల అందరికీ వస్తది. వచ్చే నెల నుంచి మామూలే."

జవాబు అబద్ధం కాదు. కానీ అక్కడితో ఊరుకోవద్దు. ఆ వడ్డీ న్యాయమైనదే, అయితే ఎన్ని రోజులకు వేశారు, ఏ తేదీ నుంచి వేశారు, ఒకసారే వేశారా అన్న మూడు విషయాలు మీరు చూసుకోవాలి. దీనికి ఫోన్‌లో ఉండే కాలిక్యులేటర్ చాలు, పది నిమిషాల పని.

ముందు ఒక మాట. ఇక్కడ చెప్పేది నెలనెలా ఈఎంఐ కట్టే లోన్ల గురించి, అంటే పర్సనల్ లోను, బిజినెస్ లోను, బండి లోను లాంటివి. పంట లోనుకు ఈ లెక్క వర్తించదు. ఇంటి లోను విడతలుగా రిలీజ్ అయ్యేటప్పుడు కట్టే ప్రీ ఈఎంఐ కూడా వేరే వ్యవహారం.

ఈ వడ్డీ ఎక్కడి నుంచి వస్తుంది

ఈఎంఐ లెక్కలో ప్రతి నెలా సమానం. ఒక ఐదో తారీఖు నుంచి తర్వాతి ఐదో తారీఖు దాకా ఒక నెల, దానికి ఒక కిస్తీ. కానీ మీ డబ్బు సరిగ్గా ఐదో తారీఖునే పడదు కదా. పన్నెండునో పద్దెనిమిదినో పడుతుంది. అప్పుడు డబ్బు పడిన రోజు నుంచి రాబోయే ఐదో తారీఖు దాకా కొన్ని రోజులు మిగిలిపోతాయి. ఆ రోజుల్లో డబ్బు మీ చేతిలోనే ఉంది, కానీ అవి ఏ కిస్తీ కిందికీ రావు. ఆ రోజులకు మాత్రమే విడిగా లెక్కగట్టేది బ్రోకెన్ పీరియడ్ వడ్డీ. స్టేట్‌మెంట్‌లో ఇది `BPI` అనో, `Broken Period Interest` అనో, `Gap Interest` అనో కనిపిస్తుంది. ఏ పేరుతో రాసినా లెక్క ఒకటే.

ఇక లెక్కలోకి పోదాం. దేవరకొండలో కిరాణా దుకాణం నడిపే ఒకాయన సరుకు పెంచుకోవడానికి లోను తీసుకున్నాడనుకుందాం. అసలు 4,00,000 రూపాయలు, సంవత్సరానికి 14 శాతం వడ్డీ, 36 నెలలు. మన దగ్గర నూటికి నెలకు ఇంత మిత్తి అని లెక్క చూసుకునేవాళ్ల కోసం చెప్పాలంటే సుమారు రూపాయి పదిహేడు పైసలు. ఈఎంఐ 13,671 రూపాయలు. డబ్బు ఖాతాలో పడింది 2025 జూన్ 12న. ఈఎంఐ తేదీ ప్రతి నెలా 5. మొదటి ఈఎంఐ ఆగస్టు 5న.

మొదటి పని: మూడు తేదీలు కాగితం మీద రాసుకోండి

మొదటి తేదీ మీ ఖాతాలో డబ్బు నిజంగా జమ అయిన రోజు. లోను మంజూరైన రోజు కాదు, మీరు సంతకాలు పెట్టిన రోజూ కాదు. పాస్‌బుక్ ప్రింట్ చేయించుకుని గానీ, బ్యాంకు మెసేజ్ చూసుకుని గానీ ఈ తేదీ రాసుకోండి. ఇక్కడ నోటిమాట మీద ఆధారపడొద్దు, ఎందుకంటే తేడాలు ఎక్కువగా పుట్టేది ఈ తేదీ దగ్గరే.

రెండోది మొదటి ఈఎంఐ తేదీ. మూడోది ఆ మొదటి ఈఎంఐకి సరిగ్గా ఒక నెల ముందు తేదీ. మన కిరాణా ఆయన మొదటి ఈఎంఐ ఆగస్టు 5 కాబట్టి మూడో తేదీ జూలై 5. ఆగస్టు 5న కట్టే ఈఎంఐ జూలై 5 నుంచి ఆగస్టు 5 దాకా ఉన్న నెలకు సరిపోతుంది. కాబట్టి విడిగా వడ్డీ పడేది జూన్ 12 నుంచి జూలై 5 దాకా.

మొదటి ఈఎంఐ జూలై 5న కాకుండా ఆగస్టు 5న ఎందుకు వచ్చింది అంటే, చాలా సంస్థలు డబ్బు రిలీజ్ అయిన కొద్ది రోజులకే కిస్తీ తీసుకోవు. ఒక తేదీ దాటాక రిలీజైన లోన్లకు మొదటి కిస్తీని ఒక నెల అవతలికి జరుపుతాయి. ఆ కటాఫ్ తేదీ సంస్థను బట్టి మారుతుంది. సంతకం పెట్టే రోజే "ఇవాళ రిలీజ్ అయితే మొదటి ఈఎంఐ ఎప్పుడు? రెండు రోజులు ఆగితే ఎప్పుడు?" అని అడిగి పెట్టుకోండి.

రెండో పని: రోజులు లెక్కపెట్టండి

జూన్‌లో 30 రోజులు. 30 లోంచి 12 తీసేస్తే 18. జూలైలో 5. మొత్తం 23 రోజులు. డబ్బు పడిన రోజునో, చివరి రోజునో ఏదో ఒకదాన్నే లెక్కలోకి తీసుకోవాలి, రెండింటినీ కాదు. రెండూ కలిపితే 24 అవుతుంది. ఒక్క రోజేగా అనిపించొచ్చు, ఈ లోనుకు ఆ ఒక్క రోజు విలువ 153 రూపాయలు.

మూడో పని: రోజు వడ్డీ తీసి గుణించండి

4,00,000 మీద 14 శాతం అంటే సంవత్సరానికి 56,000. దాన్ని 365తో భాగిస్తే రోజుకు 153 రూపాయల 42 పైసలు. ఇరవై మూడు రోజులకు 3,528.77, అంటే 3,529 రూపాయలు. ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ వాడే అలవాటుంటే రెండు గడుల్లో ఇవి పెట్టండి:

```
=DATE(2025,7,5)-DATE(2025,6,12)
=400000*14%*23/365
```

మొదటి దానికి 23 వస్తుంది, రెండో దానికి 3528.77 వస్తుంది. మొదటి దానికి అంకె బదులు తేదీ కనిపిస్తే గడి ఫార్మాట్‌ను నంబర్‌కు మార్చండి.

కాబట్టి ఆగస్టు 5న కట్ కావాల్సింది 13,671, దానికి 3,529 కలిపితే 17,200 రూపాయలు. సెప్టెంబర్ 5 నుంచి మళ్లీ 13,671. మీరు వేసిన లెక్కకూ, కట్ అయినదానికీ రెండు మూడు రూపాయల తేడా ఉంటే అది రౌండింగ్, వదిలేయండి.

తేడా యాభై రూపాయల దగ్గర ఉంటే సంస్థ సంవత్సరాన్ని 360 రోజులుగా తీసుకుందేమో చూడండి. అలా చేస్తే ఇదే వడ్డీ 3,578 అవుతుంది. ఏ పద్ధతి వాడతారో అగ్రిమెంట్‌లో రాసి ఉండాలి. అగ్రిమెంట్‌లో 365 ఉండి, 360తో వేస్తే అడగడానికి మీకు హక్కు ఉంది. అగ్రిమెంట్‌లోనే 360 ఉంటే మీరు సంతకం పెట్టారు కాబట్టి యాభై రూపాయల కోసం పోట్లాడటం దండగ.

నాలుగో పని: రెండుసార్లు పడిందేమో చూడండి

చాలామంది చూడనిది ఇదే, డబ్బు ఎక్కువగా పోయేదీ ఇక్కడే. మీ లోను రీపేమెంట్ షెడ్యూల్ తెచ్చుకోండి. యాప్‌లో దొరుకుతుంది, లేకపోతే బ్రాంచిలో ప్రింట్ అడగండి. డబ్బు రిలీజ్ అయ్యాక తయారైన షెడ్యూలే కావాలి. అంతకుముందు చూపించినదాంట్లో నిజమైన రిలీజ్ తేదీ ఉండదు కాబట్టి అది పనికిరాదు.

షెడ్యూల్‌లో ప్రతి కిస్తీ పక్కన వడ్డీ ఎంత, అసలు ఎంత, మిగిలిన బాకీ ఎంత అని మూడు అంకెలు ఉంటాయి. మొదటి వరుస ఒక్కటే చూడండి. 13,671లో ఒక నెల వడ్డీ 4,667, అసలులోకి పోయింది 9,004. కిస్తీ కట్టాక మిగలాల్సిన బాకీ 3,90,996. విడిగా కట్టిన 3,529 పూర్తిగా వడ్డీయే, దాంతో అసలు ఒక్క రూపాయి కూడా తగ్గదు. కాబట్టి 17,200 కట్టాం కదా, బాకీ 3,82,800 కావాలి కదా అనుకోవద్దు.

ఇప్పుడు తప్పు ఎలా కనిపిస్తుందో చూద్దాం. మొదటి వరుసలో వడ్డీ గడిలో 8,200 ప్రాంతంలో అంకె ఉందనుకోండి. అంటే జూన్ 12 నుంచి ఆగస్టు 5 దాకా మొత్తం 54 రోజుల వడ్డీని అక్కడే కలిపేశారు. ఆ వరుసలో కిస్తీ మొత్తం 17,200 అని ఉంటే తప్పేమీ లేదు, రెండింటినీ ఒకే వరుసలో చూపించారంతే. కానీ కిస్తీ 13,671 అని చూపించి, అందులో వడ్డీ 8,200 అని రాసి, పైగా మరో చోట 3,529 విడిగా వసూలు చేశారంటే అవే 23 రోజులకు మీరు రెండుసార్లు వడ్డీ కట్టినట్టు. మొదటిసారి రొక్కంగా కట్టారు, రెండోసారి అసలు తక్కువ తగ్గడం రూపంలో. ఈ రెండోది ఖాతాలో కనిపించదు. బాకీ గడి చూస్తేనే తెలుస్తుంది.

కొన్ని సంస్థలు నెలకు బదులు రోజుల లెక్కన వడ్డీ వేస్తాయి. అప్పుడు జూలై 5 నుంచి ఆగస్టు 5 దాకా 31 రోజులకు 4,756 అని ఉంటుంది. 4,667కు దీనికీ తొంభై రూపాయల తేడా ఉన్నా అది తప్పు కాదు.

వడ్డీని ముందే కోసుకుని మిగిలింది ఖాతాలో వేసే పద్ధతి కూడా ఉంది. నాలుగు లక్షలకు గాను ఖాతాలో తక్కువ పడితే, తేడా దేనికి పోయిందో విడివిడిగా రాయించుకోండి. ప్రాసెసింగ్ ఫీజు ఇంత, దాని మీద 18 శాతం జీఎస్టీ ఇంత, ఇన్సూరెన్స్ ఇంత, బ్రోకెన్ పీరియడ్ వడ్డీ ఇంత అని. ఆ చివరిది అక్కడే కోసుకుని ఉంటే మొదటి ఈఎంఐ మామూలుగా 13,671 మాత్రమే రావాలి. ఇంకో గుర్తు కూడా పెట్టుకోండి. లోను వడ్డీ మీద జీఎస్టీ ఉండదు. బ్రోకెన్ పీరియడ్ వడ్డీ పక్కన జీఎస్టీ కనిపించిందంటే, వడ్డీ పేరుతో ఫీజు వసూలు చేస్తున్నారు లేదా బిల్లు తప్పు. రెండిట్లో ఏదైనా అడగాల్సిందే.

ఐదో పని: వడ్డీ మొదలైన తేదీని సరిచూడండి

రోజుల లెక్క సరిగ్గా ఉన్నా, మొదలుపెట్టిన తేదీ తప్పు కావచ్చు. ఉదాహరణకు సంస్థ జూన్ 12 తేదీతో చెక్కు రాసింది, మీ చేతికి ఇచ్చింది 17న. మధ్యలో ఐదు రోజులు ఆ డబ్బు సంస్థ దగ్గరే ఉంది. ఆ ఐదు రోజుల వడ్డీ 767 రూపాయలు మీ మీద వేయడం న్యాయం కాదు.

ఇది నేను చెప్తున్నది మాత్రమే కాదు. రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 29న బ్యాంకులకూ ఫైనాన్స్ కంపెనీలకూ ఒక సర్క్యులర్ పంపింది. తనిఖీల్లో కనిపించిన తప్పుడు పద్ధతులను అందులో వరుసగా రాసింది. మంజూరైన రోజు నుంచో అగ్రిమెంట్ రోజు నుంచో వడ్డీ వేయడం, చెక్కు మీది తేదీ నుంచి వడ్డీ వేసి చెక్కును రోజుల తర్వాత ఇవ్వడం, నెల మధ్యలో డబ్బు ఇచ్చి నెల మొత్తానికి వడ్డీ తీసుకోవడం, కొన్ని కిస్తీలు ముందే పట్టుకుని కూడా పూర్తి అసలు మీద వడ్డీ లెక్కగట్టడం. ఇవన్నీ సరైనవి కావని, ఇలా ఎక్కువ తీసుకున్న వడ్డీని కస్టమర్లకు తిరిగి ఇవ్వాలని చెప్పింది. చెక్కులకు బదులు నేరుగా ఖాతాలో వేయడాన్ని ప్రోత్సహించింది.

నెల మొత్తం వడ్డీ విషయంలో మన లెక్కనే తీసుకుంటే, 23 రోజులకు 3,529 రావాల్సిన చోట పూర్తి నెల వడ్డీ 4,667 వేస్తే 1,138 రూపాయలు ఎక్కువ పోతాయి. ఇది కనిపెట్టడం చాలా సులువు. మీ బ్రోకెన్ పీరియడ్ వడ్డీ అచ్చంగా ఒక నెల వడ్డీతో సమానంగా ఉందంటే అనుమానించండి.

దీనికే ఇంకో రూపం ఉంది. మొదటి ఈఎంఐని ఆగస్టుకు జరపకుండా జూలై 5నే కట్ చేశారనుకోండి. డబ్బు మీ దగ్గర ఉన్నది 23 రోజులే. అప్పుడు మొదటి కిస్తీలో వడ్డీ 3,529 మాత్రమే ఉండాలి. కిస్తీ 13,671 కట్ అయినా ఫర్వాలేదు, మిగిలిన 10,142 అసలులోకి పోవాలి. షెడ్యూల్‌లో అక్కడ వడ్డీ 4,667 అని ఉంటే, లేని ఏడు రోజులకు కూడా మీరు కట్టినట్టు లెక్క. ఎక్కువ కట్ కాలేదు కదా అని ఈ సందర్భంలో ఎవరూ షెడ్యూల్ తెరిచి చూడరు.

బండి లోన్లలో డబ్బు మీకు కాకుండా డీలర్ ఖాతాకు పోతుంది. షోరూంలో కూర్చుని సంతకాలు పెట్టిన రోజుకూ, డీలర్‌కు డబ్బు చేరిన రోజుకూ తేడా ఉండొచ్చు. డీలర్ దగ్గర డబ్బు అందిన తేదీ రాయించుకుని, దాంతో సరిచూడండి.

ఆరో పని: మొదటి కిస్తీకి ఖాతాలో పూర్తి డబ్బు ఉంచండి

ఇది లెక్క కాదు, జాగ్రత్త. ఖాతాలో 14,000 ఉన్నాయి, ఈఎంఐ 13,671 కదా అని ధీమాగా ఉన్నారనుకోండి. ఆగస్టు 5న ఆటో డెబిట్ 17,200కు వస్తే, ఉన్నంత తీసుకుని మిగతాది వదిలేయదు. మొత్తం వెనక్కి పోతుంది. అటు లోను ఇచ్చిన సంస్థ బౌన్స్ చార్జీ, ఇటు మీ బ్యాంకు రిటర్న్ చార్జీ, రెండూ పడతాయి. మొదటి కిస్తీయే తప్పినట్టు సిబిల్‌లోకి పోతే ఆ టెన్షన్ వేరే. ఆటో డెబిట్‌కు ఒప్పుకుంటూ ఇచ్చే మాండేట్ మీద సంతకం పెట్టినప్పుడు ఈఎంఐ కంటే పెద్ద మొత్తం రాసుకుంటారు కాబట్టి ఎక్కువ మొత్తానికి డెబిట్ పంపడానికి వాళ్లకు వీలుంటుంది. అందుకే మీ లెక్క ప్రకారం వచ్చే మొత్తం ముందు రోజు సాయంత్రానికే ఖాతాలో ఉండేలా చూసుకోండి. లెక్క తప్పుగా అనిపించినా సరే, ముందు కట్టేసి తర్వాత కొట్లాడటమే మంచిది.

ఇక, రిలీజ్ తేదీని జరిపించుకుంటే ఈ వడ్డీ మిగులుతుంది కదా అని అడుగుతుంటారు. డబ్బు జూలై 3న తీసుకుంటే, మొదటి ఈఎంఐ ఆగస్టు 5నే ఉంటే, విడి వడ్డీ రెండు రోజులకే వస్తుంది, 307 రూపాయలు. కానీ మిగిలిన 21 రోజులు డబ్బు మీ చేతిలో లేదు కూడా. సరుకు బేరం కుదిరి డబ్బు కావాల్సి ఉంటే వడ్డీ కోసం ఆగడంలో అర్థం లేదు. డబ్బుతో వెంటనే పని లేకపోతే మాత్రం తప్పకుండా ఆగండి. టార్గెట్ కోసం నెలాఖరు లోపే రిలీజ్ చేసుకోమని ఏజెంట్ తొందరపెడితే, ఆ తొందర ఆయనది, వడ్డీ మీది.

తేడా ఉందని తేలితే

మాటలతో మొదలుపెట్టండి, కానీ కాగితంతో ముగించండి. ముందుగా కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ తీసి చూడండి. 2024 అక్టోబర్ 1 నుంచి కొత్తగా ఇచ్చే రిటైల్ లోన్లకూ, చిన్న వ్యాపారాల టర్మ్ లోన్లకూ దీన్ని ఇవ్వడం తప్పనిసరి. వడ్డీ రేటు, ఫీజులు, ఏడాదికి పడే మొత్తం ఖర్చు, కిస్తీల పట్టిక అన్నీ అందులో ఉండాలి. మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని కూడా నిబంధన ఉంది, తెలుగులో అడగడానికి మొహమాటపడొద్దు. అందులో చెప్పని ఫీజును మీ స్పష్టమైన ఒప్పుదల లేకుండా వసూలు చేయడానికి వీల్లేదు.

తర్వాత బ్రాంచికి ఒక ఉత్తరం రాయండి, లేదా సంస్థ గ్రీవెన్స్ మెయిల్‌కు పంపండి. పొడుగు అవసరం లేదు. ఇలా ఉంటే చాలు:

"నా లోను డబ్బు 12-06-2025న ఖాతాలో జమ అయింది. మొదటి ఈఎంఐ తేదీ 05-08-2025. జూన్ 12 నుంచి జూలై 5 దాకా 23 రోజులకు 14 శాతం చొప్పున బ్రోకెన్ పీరియడ్ వడ్డీ 3,529 రూపాయలు కావాలి. మీరు 4,667 రూపాయలు తీసుకున్నారు. ఎన్ని రోజులకు, ఏ తేదీ నుంచి లెక్కగట్టారో రాతపూర్వకంగా తెలిపి, ఎక్కువ తీసుకున్న 1,138 రూపాయలు తిరిగి ఇవ్వగలరు."

లోను నంబరు పైన రాయండి, పాస్‌బుక్ పేజీ జెరాక్స్ జతచేయండి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ముద్ర వేయం అంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఇలా తేదీలతో, అంకెలతో అడిగితే చాలాసార్లు వ్యవహారం అక్కడే తేలిపోతుంది. ఎందుకు ఎక్కువ కట్ చేశారు అని ఊరికే అడిగితే మాత్రం "సిస్టమ్‌లో అలాగే వస్తది" అనే జవాబే వస్తుంది.

ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. `cms.rbi.org.in`లో నింపాలి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఎలా నింపాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేయండి. సంస్థకు ముందుగా రాసిన రుజువు లేకుండా నేరుగా వెళ్తే ఫిర్యాదు తీసుకోరు, అందుకే ఆ ముద్ర వేసిన కాపీ. రిజర్వు బ్యాంకు దగ్గర రిజిస్ట్రేషన్ లేకుండా ఊళ్లో నడిచే ఫైనాన్సుల విషయంలో మాత్రం ఈ దారి పనిచేయదు.